వంగితే చాలు, గొంతులో పులుపు

ముగ్గు వేయడానికి వంగితే గొంతులోకి పుల్లటి నీళ్లు తన్నుకొచ్చేవి. ఎండోస్కోపీ చేసి హయేటల్ హెర్నియా అన్నారు. ఇది బయటికి కనిపించే ఉబ్బు కాదు. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రం అనే కండరం ఉంటుంది. అన్నవాహిక దిగే రంధ్రం అందులో వదులైతే జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారుతుంది. దాంతో అన్నవాహిక కింది కవాటానికి బిగింపు తగ్గి యాసిడ్ పైకొస్తుంది. వంగినప్పుడు, పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి ఇంకాస్త తోస్తుంది.

పడుకున్నప్పుడు యాసిడ్ పైకి రాకుండా రెండు తలగడలు పెట్టుకుంటే లాభం లేదు, నడుము మడతపడి పొట్టే నొక్కుకుంటుంది. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు లేపాం. జారిపోతామని మా ఆయన ఒకటే గొడవ! బరువు తగ్గాక మంట బాగా తగ్గింది, హెర్నియా మాత్రం అలాగే ఉంది.

ఆపరేషన్ గురించి అడిగితే సర్జన్ ఇప్పుడు అక్కర్లేదన్నారు. మందులు వాడుతున్నా తిన్నది పైకొస్తుంటే, అన్నవాహికలో పుండ్లు మానకపోతే, లేదా జీర్ణాశయం అన్నవాహిక పక్కనుంచి పైకెక్కి నొప్పి, వాంతులు తెస్తుంటే అప్పుడు ఆలోచిస్తారట. రంధ్రాన్ని కుట్టి బిగించి, జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుడతారు. ఆ తర్వాత కొందరికి తేన్పు సరిగా రాక కడుపు ఉబ్బరిస్తుందని కూడా ఆయనే చెప్పారు.