నోటెడ్ అట

పదకొండున్నర అయింది, అమ్మ పడుకుంది, నేను మాత్రం ఒకే ఒక్క పదం పట్టుకుని కూర్చున్నా. "నోటెడ్." చేరే తేదీ మార్పు గురించి నేను పంపిన మెయిల్‌కి కొత్త ఆఫీసు హెచ్‌ఆర్ నుంచి సాయంత్రం వచ్చిన జవాబు మొత్తం అదే. సరే అన్నట్టా? చూశాం, చెప్తాం అన్నట్టా? ఫైల్లో రాసిపెట్టుకున్నాం, నీ సంగతి తర్వాత తేలుస్తాం అన్నట్టా?

సోమవారం డాక్టరు గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ షుగర్ ఇంకా దిగలేదు కాబట్టి మోకాలి సర్జరీ వచ్చే నెల 6కి వాయిదా వేశారు. నా జాయినింగ్ 10న. అంటే అమ్మ వాకర్ పట్టుకుని మంచం నుంచి బాత్రూమ్ దాకా వెళ్ళడానికి అవస్థ పడుతుంటే నేను అక్కడ ఐడీ కార్డుకి నవ్వుతూ ఫొటో దిగుతుంటాను. కుదరదు కదా.

తమ్ముడి సలహాలు మీకు తెలిసినవే. "పాత ఆఫీసు వాళ్ళు నోటీస్ పీరియడ్ పెంచారని చెప్పెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. ఎవరికి తెలుస్తుందేంట్రా, నా ఆఖరి రోజు 7 అని రెండు వారాల క్రితమే నేను కొత్త ఆఫీసుకి రాసిచ్చాను. రేపు వెరిఫికేషన్‌లో పాత ఆఫీసుని అడిగితే వాళ్ళూ 7 అనే చెప్తారు. చేరకముందే అబద్ధాలకోరు అనిపించుకోవాలి. వీడికి ఇది చెప్పడానికి అరగంట పట్టింది, చివరికి "నీ ఇష్టం" అని ఫోన్ పెట్టేశాడు, ఏదో నేనే తప్పు చేసినట్టు.

అలాగని నేనేం గొప్పగా రాయలేదు. మొదటి డ్రాఫ్ట్ ఇది: "కొన్ని వ్యక్తిగత కారణాల వల్ల జాయినింగ్ రెండు మూడు వారాలు వాయిదా వేయగలరా?" మర్యాదగానే ఉందనుకున్నా. పంపబోతూ మళ్ళీ చదివితే ఆ లాప్‌టాప్ డబ్బా గుర్తొచ్చింది.

పాత టీమ్‌లో ఒకతను చేరాల్సి ఉండేది. లాప్‌టాప్ వచ్చేసింది, డబ్బా మీద పసుపు చీటీ అంటించి అతని పేరు, తేదీ నేనే రాశాను, నా డెస్క్ పక్కనే పెట్టాను. చేరాల్సిన ముందురోజు మెయిల్ వచ్చింది, ఇంట్లో చిన్న సమస్య, ఒక వారం కావాలని. పాపం అనుకున్నాం. తేదీ కొట్టేసి కింద కొత్తది రాశాను. వారం తర్వాత ఇంకో పది రోజులన్నాడు, మళ్ళీ కొట్టేశాను. మూడోసారి తేదీ కూడా చెప్పలేదు, త్వరలో అన్నాడు. చీటీ మీద రాయడానికి చోటు కూడా లేదు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఈలోగా ఇంటర్వ్యూల్లో అతని తర్వాత నచ్చినావిడ ఇంకెక్కడో చేరిపోయింది. అతను చేయాల్సిన వారాంతపు డ్యూటీలు రెండు నెలలు నేను చేశాను. డబ్బా చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. మా మేనేజర్ అయితే ఆ తర్వాత ఎవరు వాయిదా అడిగినా వెంటనే రెండో మనిషిని వెతకమనేవాడు. ఇప్పుడనిపిస్తోంది, అతనింట్లో నిజంగానే ఏదో పెద్దదే జరిగి ఉండొచ్చు. చెప్పలేదు కాబట్టి మాకు ఎప్పటికీ తెలియలేదు.

సరే, డ్రాఫ్ట్ కొట్టేశాను. ముందు తేదీ తేల్చుకోవాలి కదా. సర్జరీ 6న, మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారట, కుట్లు విప్పేది రెండు వారాలకి, అంటే 20, గురువారం. అక్క 22న వస్తానంది. మందులు, వ్యాయామాలు, రాత్రిపూట లేపే పద్ధతి దానికి చూపించడానికి శని, ఆదివారాలు. కాబట్టి 24, సోమవారం. 17 అని అడిగితే వాళ్ళు తేలిగ్గా ఒప్పుకుంటారేమో అని నాలుక చివరిదాకా వచ్చింది కానీ, 17 అని చెప్పి మళ్ళీ 24 అని అడగడమంటే ఆ చీటీ మీద రెండో కొట్టివేత నాదే అవుతుంది.

ఇంకో పేచీ. షుగర్ మళ్ళీ తగ్గకపోతే? 6 అన్నది డాక్టరు చేతిలో ఉంది, నా చేతిలో లేదు. దీని మీద అక్కతో గంటన్నర ఫోన్. చివరికి తేలిందేంటంటే, సర్జరీ ఇంకోసారి వాయిదా పడినా నేను 24న వెళ్ళిపోతాను, అక్క సెలవు ముందుకో వెనక్కో జరుపుకుని తనే దగ్గరుంటుంది. ఆ మాట అక్క నోటి నుంచి వచ్చాకే 24 అని రాయడానికి ధైర్యం వచ్చింది. మెయిల్ రాయడానికి పట్టింది పది నిమిషాలే.

ముందు కొత్త మేనేజర్‌కి ఫోన్ చేశాను, మెయిల్ చూసి ఉలిక్కిపడకూడదని. "అమ్మగారిని చూసుకోండి, 24న కలుద్దాం" అన్నారు. చాలా మంచి మనిషిలా ఉన్నారు.

తర్వాత మెయిల్. తెలుగులో చెప్పాలంటే ఇంతే: "మా అమ్మకి మోకాలి సర్జరీ 6కి మారింది. మొదటి రెండు వారాలు దగ్గరుండి చూసుకోవాల్సింది నేనే. అందువల్ల 10 బదులు 24, సోమవారం చేరతాను. ఆ తర్వాత మా అక్క చూసుకుంటుంది, ఈ తేదీ మళ్ళీ మారదు." మొదట డాక్టరు చీటీ కూడా జత చేశాను. అమ్మ వెనక నుంచి చూసి, "నా షుగర్ ఎంతుందో వాళ్ళకెందుకే?" అంది. నిజమే, ఎందుకు? తీసేశాను. అడిగితే అప్పుడు చూద్దాం.

దానికి జవాబు నోటెడ్. ఆఫర్ లెటర్‌లో మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, చెప్పిన తేదీకి చేరకపోతే ఆఫర్ దానంతటదే రద్దు అవుతుందని. మేనేజర్ నోటి మాటకి ఆ మూడో పేజీ మారదు. పాత ఆఫీసులో నా చోట ఇంకొకరు వచ్చేశారు, రెండు వారాలు ఆగుతానన్నా వాళ్ళకి అక్కర్లేదు. ఈ పరిస్థితిలో నన్ను నోటెడ్ అనే నాలుగు అక్షరాలకి వదిలేస్తారా అని రాత్రి భోజనం దగ్గర్నుంచి సణుగుతూనే ఉన్నా. (నాలుగా? మూడే.)

ఇది టైప్ చేస్తూ పైకి వెళ్ళి నా మెయిలే మళ్ళీ చదివా. "చేరతాను." "మారదు." ఎక్కడా ఒక్క ప్రశ్న లేదు! గట్టిగా ఉండాలి, తేదీ స్పష్టంగా ఉండాలి అన్న ధ్యాసలో పడి నేను అసలు అడగనే లేదు, చెప్పేసి ఊరుకున్నా. కబురు పంపినవాళ్ళకి నోటెడ్ అనక ఇంకేమంటారు? హెచ్‌ఆర్ ఆవిడని ఇందాకటి నుంచి తిట్టుకున్నందుకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే, ఎందుకంటే "అలాగేనండి" అనడానికి ఎంతసేపు పడుతుంది.

ఇప్పుడు రెండోది రాసి పెట్టా, పొద్దున పంపుతా: "24కి మీకు అభ్యంతరం లేదా? అభ్యంతరం లేకపోతే ఆ తేదీతో సవరించిన ఆఫర్ లెటర్ శుక్రవారంలోపు పంపగలరా? 24 కుదరకపోతే అదీ శుక్రవారంలోపే చెప్పండి, ఫోన్‌లో మాట్లాడదాం."

లోపల అమ్మ లేచినట్టుంది. "పదో తారీకున వెళ్తున్నావా, లేదా?" అని అడుగుతోంది. వెళ్ళి చెప్పాలి, ఇంకా వాళ్ళు చెప్పలేదని.