గుంటూరు కోల్డ్ స్టోరేజీ పని, దుబాయ్ ఫోన్‌లో ఐదు స్లైడ్లు

గుంటూరులో నా పనితనం గురించి తెలుసుకోవాలంటే ఒక్క ఫోన్ చాలు. "ఫలానా వాళ్ల అబ్బాయి, గోడౌన్ల వ్యవహారం బాగా చూస్తాడు" అని ఎవరో ఒకరు చెబుతారు, యజమాని పిలిపించి కూర్చోబెడతాడు. దుబాయ్‌లో అలా చెప్పేవాళ్లు నాకు లేరు. జెబెల్ అలీలో గోడౌన్ నడిపే మేనేజరు నన్ను చూసి ఉండడు, మా ఊరి పేరూ విని ఉండడు. లింక్డిన్‌లో వేలితో జరుపుకుంటూ పోయేటప్పుడు నా పని కంటపడితే ఒక నిమిషం ఆగుతాడు. ఆ ఒక్క నిమిషంలో క్లయింటు ఇబ్బంది ఏమిటి, నేనేం చేశాను, దానివల్ల ఎంత మారింది అన్న మూడూ అతనికి అందాలి. అందుకే చేసిన ఒక పనిని వేలితో జరుపుతూ చూసే కొన్ని స్లైడ్లలో చెప్పే కేస్ స్టడీ క్యారసెల్ అంటే నాకు అలంకారం కాదు, ఊళ్లో పెద్దమనిషి చెప్పే మాటకు బదులుగా నిలబడేది. (ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. యూఏఈలో సొంతంగా కన్సల్టింగ్ చేయాలంటే దానికి తగ్గ పర్మిట్ ఉండాలి. అది చేతికి వచ్చాకే ఇలాంటివి పోస్ట్ చేయండి.)

నేను ఎంచుకున్న కేసు గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీది. సీజన్‌లో రైతులు, వ్యాపారులు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి దాచుకుంటారు. ధర వచ్చినప్పుడు, ఆర్డరు వచ్చినప్పుడు లాట్లు బయటికి తీస్తారు. అలా సరుకు తీసుకెళ్లడానికి వచ్చిన లారీలు అక్కడ గంటల తరబడి ఆగిపోతున్నాయి. యజమాని నన్ను పిలిచినప్పుడు చెప్పింది ఇంతే: "పని సాగట్లేదు బాబూ, డ్రైవర్లు గోల చేస్తున్నారు."

ఆ మాట నిజమే, కానీ స్లైడ్ మీదికి అది పనికిరాదు. "పని సాగట్లేదు" అని మొదలుపెడితే చివర్లో "పని సాగుతోంది" అనే చెప్పగలం, దాన్ని ఎవరూ నమ్మరు. ఇబ్బందిని చెప్పే స్లైడూ ఫలితాన్ని చెప్పే స్లైడూ ఒకే కొలతలో మాట్లాడాలి. నేను చూసిన చాలా క్యారసెల్స్ ఇక్కడే తప్పుతాయి. మొదట్లో ఆలస్యం గురించి చెబుతారు, చివర్లో కస్టమర్ల సంతృప్తి పెరిగిందంటారు. మధ్యలో లంకె తెగిపోయిందని చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

కొలత కోసం కొత్తగా ఏమీ పెట్టక్కర్లేకపోయింది. అక్కడి కాటా చీటీల మీద టైము అచ్చవుతుంది. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, లోడుతో వెళ్లేటప్పుడు ఒకసారి తూకం వేస్తారు కాబట్టి, ఆ రెండు టైముల మధ్య తేడాయే లోడింగుకు పట్టిన సమయం. గేటు బయట ఆగిన సమయం ఇందులోకి రాదు, ఆ సంగతి స్లైడ్ మీద చిన్న అక్షరాల్లోనైనా చెప్పాలి. పని మొదలుపెట్టకముందే గుమాస్తా చేత నాలుగు వారాల చీటీలు ఫోటోలు తీయించి, దుబాయ్‌కి వాట్సాప్‌లో పంపించుకున్నాను. పని అయ్యాక వెనక్కి తిరిగి "అప్పట్లో ఎంత పట్టేది?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మొదటి రోజే తీసి పెట్టుకున్న కాగితం ఉంటేనే ఆ అంకెకు విలువ.

ఏ వారాలు తీసుకోవాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. మిర్చి యార్డుకు మే నెలలో వేసవి సెలవులు మొదలవుతాయి, అప్పుడు లారీల రాకపోకలు పలచబడతాయి. సీజన్ రద్దీలో "ముందు" కొలిచి, సెలవుల్లో "తర్వాత" కొలిస్తే నేనేమీ చేయకపోయినా ఫలితం అద్భుతంగా కనిపిస్తుంది. అందుకని సెలవులు అయిపోయాక, రాకపోకలు మామూలుకు వచ్చిన నాలుగు వారాలు "ముందు"గా, మార్పులు కుదురుకున్నాక అదే తీరులో ఉన్న నాలుగు వారాలు "తర్వాత"గా తీసుకున్నాను. మొదటి నాలుగు వారాల్లో 62 లారీలు, రెండో నాలుగు వారాల్లో 58. పని భారం దాదాపు ఒకటే.

62 లారీల్లో 14 ఆ రోజు లోడవక మర్నాటికి నిలిచిపోయాయి. సాయంత్రం తూకం వేసిన ఖాళీ లారీ మర్నాడు మధ్యాహ్నం లోడుతో బయటపడితే చీటీల మీద తేడా ఇరవై గంటలు చూపిస్తుంది. ఇలాంటివి కొన్ని కలిస్తే సగటు ఎక్కడికో పోతుంది, తర్వాత అవి తగ్గగానే సగటు అమాంతం పడిపోతుంది. చూడ్డానికి ఆ అంకె ఘనంగా ఉంటుంది గానీ, మామూలు లారీకి ఎంత మేలు జరిగిందో చెప్పదు. లారీలన్నిటినీ సమయం ప్రకారం వరసగా పేర్చి నడిమి దాన్ని తీసుకుంటే ఈ చిక్కు ఉండదు. ఆ నడిమి విలువ ముందు 3 గంటల 50 నిమిషాలు, తర్వాత 2 గంటల 25 నిమిషాలు. మర్నాటికి నిలిచిపోయిన లారీలను విడిగా చూపించాను: 14 నుంచి 4కు తగ్గాయి.

ఇక స్లైడ్లు. మొదటి దాని మీద నా పేరు లేదు, లోగో లేదు. "మిర్చి లోడు కోసం ఒక్కో లారీ 3 గంటల 50 నిమిషాలు ఆగేది" అన్న ఒక్క వాక్యం, దాని కింద "గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ" అని మాత్రమే ఉంది.

రెండోది కారణం. గడియారం పట్టుకుని కొన్ని లారీల వెంట ఉండి చూస్తే, సగానికి కాస్త తక్కువ సమయం లాటు వెతికి ఛాంబర్‌లోంచి బయటికి తేవడానికే పోతోంది. రిజిస్టరులో లాట్లు వచ్చిన తేదీ వరసలో రాసి ఉన్నాయి. ఏ లాటు ఏ అంతస్తులో, ఏ వరసలో ఉందన్నది మేస్త్రీకి గుర్తున్నంత వరకే. ఆయన సెలవు పెట్టిన రోజు హమాలీలు మెట్లెక్కి దిగుతూ బస్తాల మీది మార్కులు వెతుక్కునేవారు.

మూడోది చేసిన పని, మూడు వాక్యాల్లో. ప్రతి లాటుకూ అంతస్తు, వరస నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించాం. డెలివరీ చీటీ మీద ఆ నంబరు ముందురోజు సాయంత్రమే రాస్తున్నాం. ఒకే అంతస్తు నుంచి వెళ్లాల్సిన లారీలను వెంటవెంట పెట్టాం. కన్సల్టెంట్లు ఎక్కువగా ఈ స్లైడ్‌లోనే వాడిన పద్ధతి పేరు, బాణాలు, గుండ్రాలు పెడతారు. గోడౌన్ మేనేజరుకు కావలసింది "రేపు నా దగ్గర ఇది చేయగలనా?" అన్నదానికి జవాబు.

నాలుగోది ఫలితం: "3 గంటల 50 నిమిషాలు నుంచి 2 గంటల 25 నిమిషాలకు." 37 శాతం తగ్గిందని దాని కింద చిన్నగా రాశాను. శాతం ఒక్కటే పెడితే దేనిలో 37 అని అడుగుతారు. 14 నుంచి 4కు తగ్గిన దానికి శాతం కట్టలేదు. అంత చిన్న అంకెలకు శాతం కడితే ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. ఆదా అయిన నిమిషాలను రూపాయల్లోకి మార్చి "ఇన్ని లక్షలు మిగిలాయి" అని రాయమని మా పిన్ని కొడుకు సలహా ఇచ్చాడు. కానీ అక్కడ లారీ ఆగితే కిరాయి మీద పడే భారం సరుకు కొన్న వ్యాపారిది, కోల్డ్ స్టోరేజీ వాళ్లది కాదు. క్లయింటు జేబులో పడని డబ్బును క్లయింటుకు మిగిలిందని రాయడం నాకు ఇష్టం లేదు.

ఐదో స్లైడ్ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏది మారలేదో, ఏది ఈ పద్ధతికి అందదో అక్కడ రాశాను. హమాలీల సంఖ్య పెంచలేదు. ఇది డెలివరీకి మాత్రమే, సీజన్‌లో సరుకు లోపలికి వచ్చే రద్దీకి వర్తించదు. లాట్లన్నీ ముందురోజు రాత్రే బయటికి తీసి పెడితే ఇంకా సమయం మిగులుతుంది గానీ, చల్లటి బస్తాకు బయటి గాలి తగిలితే చెమ్మ పడుతుంది, మిర్చికి అది ముప్పు. అందుకే పొద్దున మొదట వెళ్లే రెండు లారీల సరుకు మాత్రమే ముందుగా ఛాంబర్ ముందుండే గది, యాంటీరూమ్‌లోకి తెస్తున్నారు. నన్ను ఎలా కలవాలన్నది కూడా ఈ స్లైడ్ అడుగునే, ఒక్క వరుసలో.

సెలవుకు గుంటూరు వచ్చినప్పుడు ఇవన్నీ యజమానికి చూపించాను. మొదటి స్లైడ్ చూడగానే ఆయన ముఖం మారింది. "ఏంటి బాబూ, మా దగ్గర లారీలు ఆగిపోతాయని ఊరంతా చాటుతావా?"

"మీ పేరు ఎక్కడా రాదండీ. ఫోటోలో కూడా మీదని తెలియకుండా చూసే బాధ్యత నాది."

"బస్తాల మీద మార్కులున్నాయిగా. ఆ మార్కు చూస్తే యార్డులో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు, సరుకు ఎవరిదో."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఫోటో తీసేసి, వరస నంబర్లు కనిపించే చోటు మాత్రం దగ్గరగా తీసింది పెట్టాను. స్లైడ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఫోటోను కత్తిరించినా కొన్నిసార్లు మిగతా భాగం ఫైలులో దాగే ఉంటుంది. కాబట్టి ముందే బయట కత్తిరించి సేవ్ చేసి, ఆ తర్వాత పెట్టాలి. లింక్డిన్‌లో డాక్యుమెంటుగా పెట్టిన పీడీఎఫ్‌ను చూసేవాళ్లు డౌన్‌లోడ్ చేసుకోగలరు, అందుకని ఫైలు పేరులో, దాని వివరాల్లో క్లయింటు పేరు లేదని కూడా చూసుకున్నాను. చివరికి పెద్దాయన ఐదు స్లైడ్లూ మళ్లీ చదివి, "సరే, పెట్టుకో" అని వాట్సాప్‌లో పంపారు. నోటిమాట కాకుండా రాతలో ఉండటం ఇద్దరికీ మంచిది.

తయారీలో రెండు విషయాలే చెప్పాలి. 1080 × 1350 సైజు పేజీ ఫోన్‌లో దాదాపు మూడో వంతుకు కుదించుకుపోయి కనిపిస్తుంది, కాబట్టి లాప్‌టాప్‌లో బాగున్న అక్షరం అక్కడ చీమలా ఉంటుంది. పోస్ట్ చేసే ముందు పీడీఎఫ్‌ను ఫోన్‌కు పంపుకుని, చెయ్యి చాపినంత దూరంలో పెట్టి చదవాలి. గుంటూరు కోల్డ్ స్టోరేజీల వాళ్లకు పంచడానికి చేసిన తెలుగు ప్రతిలో వరుసల మధ్య ఎక్కువ చోటు వదలాల్సి వచ్చింది, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు పీడీఎఫ్ చేసేటప్పుడు వత్తులను విడగొట్టేస్తాయి కూడా. పోస్ట్ అయ్యాక పై రాత మార్చుకోవచ్చు గానీ లోపలి పీడీఎఫ్‌ను మార్చలేం, అందుకే ఈ జాగ్రత్త.

పెట్టేముందు జెబెల్ అలీలో గోడౌన్ చూసుకునే ఒక మలయాళీ మిత్రుడికి పంపాను. టిక్కీ అంటే ఏమిటని అడిగాడు, దుబాయ్ ప్రతిలో దాన్ని "40 కిలోలు దాటే బస్తా" అని మార్చాను. తర్వాత అతను అడిగింది, "మనుషుల్ని పెంచారా?" అని. అప్పటికి అతను నాలుగో స్లైడ్ దగ్గరే ఉన్నాడు. ఆ ప్రశ్న అక్కడే పుడుతుంటే జవాబు తర్వాతి స్లైడ్ దాకా ఆగకూడదు. "హమాలీల సంఖ్య పెంచకుండా" అన్న మాటను ఫలితం పక్కకే తెచ్చాను.

సరుకు లోపలికి వచ్చే రద్దీని కూడా ఇలాగే కొలవమని యజమాని ఇప్పుడు అడుగుతున్నారు. దానికి ఈ కొలత నేరుగా సరిపోదు. అక్కడ లారీ లోడుతో వచ్చి ఖాళీగా వెళ్తుంది, ట్రాక్టర్లు కూడా కలుస్తాయి, వరస గేటు బయటే పెరుగుతుంది. అందుకని కాటా చీటీతో పాటు గేటు రిజిస్టరులో వచ్చిన టైము కూడా రాయమని వాచ్‌మన్‌కు చెప్పాం. జనవరి నుంచి ఆ పేజీల ఫోటోలు కూడా గుమాస్తా నాకు పంపుతాడు.