తేడా 9,310 అన్నారు, ఒప్పుకున్నది 410

పన్ను ఆఫీసు నుంచి నోటీసు రాగానే నేను చూసింది కింద ఉన్న మొత్తమే. మీరు చూపని ఆదాయం 9,310, దానికి ఇంత పన్ను, ఇంత వడ్డీ అని ఉంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. గొడవెందుకు, కట్టేస్తే పోతుందని కూడా అనుకున్నాను.

పొద్దున్నే నోటీసులో ఉన్న లింకు జోలికి పోకుండా, పన్ను శాఖ సైట్‌లో నా ఖాతా నేనే తెరిచి చూశాను. నోటీసు నిజమే. ఈసారి నిదానంగా చదివితే, అది కట్టి తీరాల్సిన బిల్లు కాదని తెలిసింది. ‘మా లెక్క ఇలా ఉంది, ఒప్పుకుంటారా, లేదా?’ అని అడుగుతున్నారు. జవాబుకు 30 రోజుల గడువు. వాళ్ల లెక్క అంటే వాళ్లు కనిపెట్టింది కాదు. నాకు డబ్బిచ్చిన బ్యాంకు, షేర్ బ్రోకరు పంపిన వివరాలను నా రిటర్న్‌తో కంప్యూటర్ పోల్చి చూసిందంతే.

తేడా రెండు చోట్ల ఉంది. మొదటిది బ్యాంకు వడ్డీ, 410. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతా. నేను అందులోంచి పైసా తీయలేదు, కానీ వడ్డీ జమైంది. తీయకపోయినా అది ఆ ఏడాది ఆదాయమే. ఇది నా తప్పు.

రెండోది షేర్లు. నేను చూపింది 300, వాళ్ల రికార్డులో 9,200, తేడా 8,900. అంత డబ్బు ఎక్కడిదా అని పాత కాగితాలన్నీ తిరగేశాను. చివరికి ఆ 8,900 నేను షేర్లు కొన్నప్పటి రసీదులోనే దొరికింది! నాకొచ్చిన లాభం 300 మాత్రమే. బ్రోకరు పంపింది అమ్మకం మొత్తం, అందులో కొన్న ధర లేదు. నేనూ రిటర్న్‌లో అమ్మిన ధర, కొన్న ధర విడివిడిగా రాయకుండా లాభం ఒక్కటే రాశాను. ఇక కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

మొత్తాన్ని ఒప్పుకుని ఉంటే నా సొంత పెట్టుబడికే పన్ను కట్టేవాణ్ని. మొత్తం కాదని రాసినా అబద్ధమే అయ్యేది. అందుకే జవాబులో రెండింటినీ విడగొట్టాను. వడ్డీ 410 ఒప్పుకుంటున్నాను, షేర్ల 8,900 ఒప్పుకోవడం లేదు, కారణం ఇదీ అని అరపేజీలో రాశాను. కొన్న రసీదు, అమ్మిన రసీదు జతచేసి, రెండిట్లోనూ ధర దగ్గర గుర్తు పెట్టాను. గడువుకు వారం ముందే పంపి, అందినట్టు వచ్చిన నంబరు దాచుకున్నాను.

తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు, రోజూ ఖాతా తెరిచి చూడటమే పని. చివరికి సవరించిన లెక్క వచ్చింది. షేర్ల వరస తీసేశారు. 410 మీద పన్ను, అసలు గడువు తేదీ నుంచి దానికి వడ్డీ మిగిలాయి. ఆ సాయంత్రమే కట్టేసి, ఆ పాత ఖాతా కూడా మూసేశాను.