కుడి చెవిలో దారి తప్పిన సున్నపు రేణువులు

నాకు కుడివైపు ఒత్తిగిలినప్పుడే గది తిరిగేది. ఎడమవైపు పడుకుంటే ఏమీ లేదు. నిలబడి వంట చేసుకుంటున్నా, బడిలో బోర్డు మీద లెక్క రాస్తున్నా ఏమీ లేదు. తెల్లవారుజామున నిద్రలో కుడి పక్కకి తిరిగితే మాత్రం ఫ్యాను, గోడ, కిటికీ అన్నీ కలిసి గిర్రున తిరిగిపోయేవి. మంచం పట్టె గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంటే నిమిషంలోపే ఆగిపోయేది. కడుపులో తిప్పడం మాత్రం చాలాసేపు వదిలేది కాదు. అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినా, తలస్నానం చేస్తూ మెడ వెనక్కి వంచినా అదే వరస.

ఇదంతా ఇంత విడమరిచి చెప్పడానికి కారణం ఉంది. రోగం ఏమిటో తేల్చేవి ఈ వివరాలే. ఎటు తిరిగితే వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, కదలకుండా ఉంటే ఆగుతోందా అన్న మూడు ప్రశ్నలు అడిగితే చాలు, డాక్టరుకి సగం పైన తెలిసిపోతుంది. ఉప్పల్‌లో మా ఇంటి దగ్గర క్లినిక్‌లో ఆ ప్రశ్నలు ఎవరూ అడగలేదు. బీపీ, షుగర్ చూశారు, రెండూ బాగానే ఉన్నాయి. మెడకి ఎక్స్‌రే తీయించి ఎముకలు అరిగాయన్నారు. యాభై దాటినవాళ్లలో చాలామందికి ఎక్స్‌రే తీస్తే ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది. అది కనిపించినంత మాత్రాన తల తిరగడానికి అదే కారణం కాదు. నాకు మెడకి కాలర్ వేసి, తల తిరుగుడుకి ఇచ్చే బీటాహిస్టీన్‌తో పాటు మత్తుగా ఉండే ఇంకో మాత్ర ఇచ్చారు. పగలంతా నిద్ర కమ్ముకొచ్చేది, రాత్రి కుడివైపు తిరిగితే గది మళ్లీ తిరిగేది.

కొన్ని వారాలు అలా గడిచాక మా పెద్ద వదిన ఫోన్ చేసింది. ఆమెకీ ఇదే బాధ వచ్చి తగ్గింది. "ముందు ఆ కాలర్ తీసి పక్కన పెట్టమ్మా. తల తిప్పి, పడుకోబెట్టి కళ్లు చూసే చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లు" అంది. నారాయణగూడలో ఒక ఈఎన్‌టీ డాక్టర్ పేరు కూడా ఆమే చెప్పింది. మా అమ్మాయిని తోడు తీసుకుని వెళ్లాను.

ఆయన ముందు మెడ ఎంతవరకు తిరుగుతుందో చూశారు. కంటి రెటీనాకి ఏమైనా ఆపరేషన్ అయిందా అని అడిగారు. తర్వాత బల్ల మీద కాళ్లు చాపి కూర్చోమన్నారు. తలని కుడికి 45 డిగ్రీలు తిప్పి, "కళ్లు మూయొద్దమ్మా, నా ముక్కు వైపే చూడండి" అంటూ నన్ను గబుక్కున వెనక్కి పడుకోబెట్టారు. తల బల్ల అంచు దాటి కొద్దిగా కిందికి వేలాడింది. ఒకటి రెండు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత గది తిరగడం మొదలైంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని అరుస్తున్నాను, ఆయన కదలకుండా నా కళ్లలోకే చూస్తున్నారు. మా అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసింది. తర్వాత చూస్తే నా కనుగుడ్లు రెండూ నుదుటి వైపు ఎగిరెగిరి కొట్టుకుంటూ, కిందున్న కుడి చెవి వైపుకి మెలితిరుగుతున్నాయి. క్రమంగా నెమ్మదించి ఆగిపోయాయి. లేపి కూర్చోబెడితే గది మళ్లీ తిరిగింది, ఈసారి తిరిగే దిక్కు మారింది. అదే పరీక్ష ఎడమవైపు చేస్తే కళ్లు నిలకడగా ఉన్నాయి.

దీన్ని డిక్స్-హాల్‌పైక్ పరీక్ష అంటారు. మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ అనే ఇద్దరు డాక్టర్లు 1952లో లండన్‌లో దీన్ని వివరించారు. దీనికి మిషన్లేవీ అక్కర్లేదు. ఒక బల్ల, తెరిచి ఉన్న రోగి కళ్లు చాలు. నాకున్నది బీపీపీవీ అని, అంటే తల కొన్ని వైపులకి తిప్పినప్పుడు మాత్రమే వచ్చే తల తిరుగుడు అని, కుడి చెవి లోపల వెనకవైపు ఉండే గొట్టంలోనే సమస్య అని ఆ నిమిషంలోనే తేలిపోయింది.

నా ముఖంలో భయం చూసి కాబోలు, డాక్టర్ సెలైన్ గొట్టం ముక్క ఒకటి తీసి, అందులో నీళ్లు నింపి, చిటికెడు బొంబాయి రవ్వ వేసి, వలయంలా వంచి చూపించారు. చెవి లోపల ఇలాంటి సన్నని గొట్టాలు మూడు, మూడు దిక్కుల్లో ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. మనం తల తిప్పినప్పుడు ఆ ద్రవం గొట్టం మొదట్లో ఉండే క్యూప్యులా అనే మెత్తటి తెరని వంచుతుంది. తల తిరిగిందన్న కబురు మెదడుకి అక్కడినుంచే వెళుతుంది. ఈ గొట్టాలు కలిసేచోట యూట్రికల్ అనే చిన్న సంచి ఉంది. అందులో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు అతుక్కుని ఉంటాయి. అవి ఉండాల్సింది అక్కడే. వయసు వల్లనో, తలకి దెబ్బ తగలడం వల్లనో, చాలాసార్లు ఏ కారణమూ తెలియకుండానో కొన్ని ఊడి గొట్టాల్లోకి జారతాయి. వెనక గొట్టం అన్నిటికన్నా కిందికి ఉంటుంది కాబట్టి ఎక్కువమందిలో దాంట్లోకే చేరతాయి.

ఆయన వలయాన్ని పక్కకి వాల్చారు. రవ్వ ఒక్క క్షణం ఆగి, కదిలి, గొట్టం వెంట జారి, కొత్తగా కిందికి వచ్చిన చోట కుదురుకుంది. నాకు జరిగేదంతా అందులో ఉంది. పడుకోగానే రెండు సెకన్ల జాగు ఎందుకంటే రేణువులు కదలడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. జారుతూ అవి ద్రవాన్ని లాగుతాయి, ద్రవం తెరని వంచుతుంది. తల కదలకపోయినా తిరుగుతోందని కుడి చెవి చెబుతుంది, లేదని ఎడమ చెవి చెబుతుంది. రేణువులు అడుగున కుదురుకోగానే తెర మళ్లీ నిలబడుతుంది, తిరగడం ఆగుతుంది. లేచి కూర్చుంటే అవి వెనక్కి జారతాయి, అందుకే దిక్కు మారుతుంది. మాత్రతో ఎందుకు తగ్గలేదో కూడా అప్పుడే అర్థమైంది. వికారం, కంగారు కాస్త తగ్గించగలదేమో గానీ, గొట్టంలో చిక్కిన రేణువుని మాత్ర బయటికి తేలేదు. అమెరికాలోని చెవి-ముక్కు-గొంతు వైద్యుల అకాడమీ 2017లో సవరించిన మార్గదర్శకాల్లో, తల తిరుగుడు అణిచే మత్తు మాత్రలతో బీపీపీవీకి మామూలుగా వైద్యం చేయొద్దనే ఉంది.

వైద్యం అప్పటికప్పుడే చేశారు. ఎప్లీ పద్ధతి అంటారు. ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌కి చెందిన జాన్ ఎప్లీ అనే చెవి డాక్టర్ కనిపెట్టింది. పరీక్షలో లాగానే తల కుడికి తిప్పి, వెనక్కి వేలాడదీసి పడుకోబెట్టారు. తిరగడం ఆగాక కూడా కాసేపు, మొత్తం ఒక నిమిషం దాకా అలాగే ఉంచారు. తల వేలాడుతూ ఉండగానే నెమ్మదిగా ఎడమకి 90 డిగ్రీలు తిప్పి మళ్లీ అంతసేపు. తర్వాత ఒళ్లంతా ఎడమ భుజం మీదికి దొర్లించి, ముక్కు నేలని చూసేలా తల ఇంకో 90 డిగ్రీలు తిప్పారు. ఇక్కడ నాకు మళ్లీ కాస్త తిరిగింది. ఆయన కళ్లు చూసి, "అదే దిక్కులో కొట్టుకుంటున్నాయి, మంచిదే" అన్నారు. రేణువులు ముందుకే వెళుతున్నాయని దానర్థం. దిక్కు మారితే అవి వెనక్కి జారుతున్నట్టు. చివరగా గడ్డం ఛాతీకి ఆనించి, పక్కనుంచి లేపి కూర్చోబెట్టారు. లేవగానే ఎవరో కింద బల్ల లాగేసినట్టు ఒక కుదుపు. నర్సు భుజాలు గట్టిగా పట్టుకునే ఉంది, ఆ క్షణంలో పడిపోయేవాళ్లుంటారట. రేణువులు గొట్టం మొత్తం చుట్టి యూట్రికల్‌లోకి తిరిగొచ్చేలా ఈ మలుపులన్నీ అమర్చి ఉంటాయి. అక్కడ ఉంటే వాటితో ఈ బాధ ఉండదు, నెమ్మదిగా కరిగిపోతాయి.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ రాత్రి పడుకుని కుడికి తిరిగితే ముందుకన్నా గట్టిగా తిరిగింది. ఈసారి ఎడమకి తిరిగినా తిరిగింది, కాకపోతే కాస్త తక్కువ. వాంతి కూడా అయింది. వైద్యం వికటించిందని మావారు టెన్షన్ పడిపోయారు. మర్నాడు డాక్టర్ మమ్మల్ని చూసి కంగారు పడలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద చిన్న దిండు పెట్టి, తలని ముందు కుడికి, తర్వాత ఎడమకి తిప్పి చూశారు. కళ్లు ఇప్పుడు పైకి కొట్టుకోవడం లేదు, ఏ పక్కకి తిప్పితే ఆ పక్కకి, నేల వైపుకి అడ్డంగా కొట్టుకుంటున్నాయి. కుడికి తిప్పినప్పుడు జోరు ఎక్కువ. రేణువులు సంచిలోకి రావాల్సింది, పక్కనే ఉన్న అడ్డ గొట్టంలోకి జారాయన్నమాట. కొద్దిమందిలో ఎప్లీ చేశాక ఇలా జరుగుతుంది.

తెలుసుకోవాల్సిన సంగతి ఇదే. గొట్టం మారితే పద్ధతీ మారాలి. ఇప్పుడు మళ్లీ ఎప్లీ చేస్తే లాభం లేదు. ఈసారి నన్ను కుడి పక్కకి పడుకోబెట్టి, అక్కడినుంచి మంచి చెవి వైపుకి, అంటే వెల్లకిలా, తర్వాత ఎడమ పక్కకి, తర్వాత బోర్లా, మళ్లీ కుడి పక్కకి దొర్లించారు. ప్రతి మలుపులో తిరగడం ఆగేదాకా ఆపారు. ఒక పూర్తి చుట్టు. గంట తర్వాత పరీక్ష చేస్తే కళ్లు కదల్లేదు. యూట్యూబ్ చూసి ఇంట్లో ఎప్లీ చేసుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. ఏ చెవో, ఏ గొట్టమో ఒకసారి కళ్లు చూసి తేల్చినవాళ్లు ఉంటేనే మొదలుపెట్టండి. తేలాక అదే పద్ధతి ఇంట్లో చేసుకోమని డాక్టర్లే చెబుతారు.

ఆ తర్వాత కొన్నాళ్లు గది తిరగలేదు కానీ, నడుస్తుంటే దూది మీద అడుగు వేస్తున్నట్టు ఉండేది. మెట్రో మెట్లు రెయిలింగ్ పట్టుకునే దిగాను. ఇది చాలామందికి కొద్ది రోజులో, వారాలో ఉండి పోతుందని, దీనికి ఇంట్లో కూర్చోవడం కన్నా నడవడమే మందని డాక్టర్ చెప్పారు. కూర్చునే నిద్రపోవాలని, కుడివైపు పడుకోకూడదని పాత నియమాలు చాలామంది చెబుతారు, అవి అవసరం లేదన్నారు.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. కదలకుండా పడుకున్నా గంటలతరబడి ఆగకుండా తిరిగితే, మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, నిలబడలేకపోయినా, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా అది చెవి రేణువుల పని అనుకోవద్దు. మెదడుకి రక్తం ఆగినా అలాగే ఉంటుంది, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోయినా అదే రోజు చూపించుకోవాలి.

బీపీపీవీ మళ్లీ రావచ్చు, చాలామందికి కొన్నేళ్లలో వస్తుంది కూడా. నాకు రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువ ఉంది. కొరియాలో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, విటమిన్ డి రక్తంలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కన్నా తక్కువ ఉన్నవాళ్లకి కాల్షియంతో కలిపి ఇస్తే, మళ్లీ రావడం సుమారు నాలుగో వంతు తగ్గింది. పూర్తిగా ఆగలేదు. నేను ఆ రెండూ వాడుతున్నాను.