రెండు కాన్పులు, రెండు రకాల ప్లేట్‌లెట్ లెక్కలు

నా రెండు గర్భాల్లోనూ ప్లేట్‌లెట్లు తగ్గాయి. మొదటిసారి తగ్గినందువల్ల నాకు గానీ బిడ్డకు గానీ ఏ హానీ జరగలేదు. రెండోసారి మాత్రం ఒక్క రాత్రి ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో నేను ఊహించుకోను. ఒకానొక దశలో ఈ రెండు గర్భాల ప్లేట్‌లెట్ సంఖ్యలు దాదాపు ఒకటిగానే ఉన్నాయి. ఆ పోలిక వల్లే మేము ఒక పూట మోసపోయాము. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

2019లో మొదటి గర్భం. మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 2,35,000 ఉన్నాయి. ఏడో నెలలో 1,48,000కు, ముప్పై ఏడో వారానికి 1,09,000కు తగ్గాయి. లక్షన్నర కంటే తక్కువ ఉంటే తక్కువ కిందే లెక్క కాబట్టి ఇంట్లో అందరికీ కంగారు పట్టుకుంది. మా అమ్మ బొప్పాయి ఆకు రసం తాగమంది, గర్భిణికి బొప్పాయి పేరే ఎత్తకూడదని మా అత్తయ్య అడ్డుపడింది. డాక్టరమ్మ మాత్రం నిదానంగా మరో మూడు విషయాలు చూశారు. బీపీ ప్రతిసారీ 110/70 దగ్గరే ఉంది, మూత్రంలో ప్రొటీన్ లేదు, లివర్ ఎంజైములైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఇరవైల్లో ఉన్నాయి. యంత్రం కొన్నిసార్లు ముద్దకట్టిన ప్లేట్‌లెట్లను లెక్కలో వదిలేస్తుంది కనుక, రక్తపు చుక్కను స్లైడు మీద పరిచి సూక్ష్మదర్శినిలో కూడా చూపించారు. ముద్దలు లేవు, ఎర్రకణాలు గుండ్రంగా, నిండుగా ఉన్నాయి.

ఆవిడ దీన్ని గెస్టేషనల్ థ్రాంబోసైటోపీనియా అన్నారు. అంటే గర్భం వల్లనే వచ్చి, గర్భంతోనే పోయే ప్లేట్‌లెట్ల తగ్గుదల. గర్భిణి రక్తంలో ద్రవభాగం బాగా పెరుగుతుంది కాబట్టి అవే కణాలు పలచబడి కనిపిస్తాయి, దానికి తోడు మాయలోనూ ప్లీహంలోనూ కొన్ని నిలిచిపోతాయి, కొన్ని మామూలు కంటే త్వరగా ఖర్చవుతాయి. గర్భంలో ప్లేట్‌లెట్లు తగ్గిన వాళ్ళలో ఎక్కువ మందికి కారణం ఇదే. ఇది సాధారణంగా ఐదో నెల దాటాక మొదలై, వారాల మీద మెల్లగా దిగుతుంది, లక్షకు కాస్త అటూఇటూగా ఆగుతుంది, డెబ్బై ఎనభై వేల కిందికి దిగడం చాలా అరుదు. దీన్ని రుజువు చేసే ప్రత్యేకమైన పరీక్ష ఏదీ లేదు, మిగతా కారణాలు కావని తేలాకనే ఈ పేరు పెట్టాలి. నాకు ముప్పై తొమ్మిదో వారంలో మామూలు కాన్పు అయింది, బిడ్డ ప్లేట్‌లెట్లు సరిగ్గా ఉన్నాయి, ఆరు వారాల తర్వాత నావి 2,28,000కు చేరాయి. ఆ చివరి లెక్కతోనే రోగనిర్ణయం పూర్తయినట్టు.

ఈ రకం తగ్గుదల తర్వాతి గర్భంలోనూ రావచ్చని అప్పుడే చెప్పారు. కాబట్టి 2022లో రెండో గర్భం మోస్తుండగా, ముప్పై మూడో వారంలో 1,31,000 అని రిపోర్టు వస్తే ఎవరమూ ఆశ్చర్యపోలేదు. ఆ రోజు బీపీ కూడా బాగానే ఉంది. అప్పటికి అది నిజంగా మొదటి రకం తగ్గుదలే అయి ఉండవచ్చు, దాని మీదనే రెండోది వచ్చి పడి ఉండవచ్చు.

ముప్పై ఐదు వారాలు నిండిన మూడో రోజు, ఆదివారం రాత్రి, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. గ్యాస్ నొప్పిలా అటూఇటూ కదిలేది కాదు, ఒకేచోట లోపలి నుంచి ఎవరో నొక్కిపట్టినట్టుండేది. సోమవారం పొద్దున మధిరలో మాకు అలవాటైన చోటికి వెళ్ళాము. బీపీ 142/92 వచ్చింది, మూత్రంలో ప్రొటీన్ ఒక ప్లస్ ఉంది, ప్లేట్‌లెట్లు 1,04,000. నేనే పాత ఫైలు తీసి, పోయినసారి కూడా లక్ష దగ్గరకు వచ్చాయండీ అని చెప్పాను. రాత్రంతా నిద్ర లేదు కాబట్టి బీపీ పెరిగి ఉంటుందనుకున్నారు. గ్యాస్‌కు మందు రాసి పంపించారు. లివర్ పరీక్ష చేయలేదు. నేను ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు, ఎందుకంటే ఆ పాత సంఖ్యను అక్కడ బల్ల మీద పెట్టింది నేనే. కానీ పోయినసారి 1,09,000 ఉన్నప్పుడు బీపీ 110/70 ఉందన్న సంగతీ అదే ఫైల్లో, అదే పేజీలో ఉంది. మేము ఒక అంకెను పోల్చి, దాని పక్కనున్న అంకెను పోల్చలేదు.

సాయంత్రానికి రెండుసార్లు వాంతి అయింది, నొప్పి కుడి భుజం దాకా పాకింది. మా వారు కారు మాట్లాడి రాత్రి తొమ్మిదింటికి ఖమ్మంలో పెద్దాసుపత్రికి చేర్చారు. బీపీ 156/104. అక్కడి డాక్టరమ్మ నొప్పి ఎక్కడని అడిగి, నేను చెయ్యి పెట్టి చూపించగానే, ఒక్క ప్లేట్‌లెట్లకే కాకుండా ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్, బిలిరుబిన్, క్రియాటినిన్‌లకు, రక్తం గడ్డకట్టే సమయానికి, రక్తపు స్లైడుకు కలిపి పంపారు. జ్వరం లేకపోయినా వానాకాలం కనుక డెంగీ పరీక్ష కూడా చేయించారు, ఎందుకంటే డెంగీలోనూ ప్లేట్‌లెట్లు పడిపోయి లివర్ ఎంజైములు పెరుగుతాయి. అది లేదని వచ్చింది.

పదిన్నరకు మిగతావి వచ్చాయి. ప్లేట్‌లెట్లు 88,000, ఎస్‌జీఓటీ 164, ఎల్‌డీహెచ్ 812, బిలిరుబిన్ 1.6. స్లైడులో ఎర్రకణాలు ముక్కలైనట్టు కనిపించాయి. రక్తం గడ్డకట్టే సమయం, చక్కెర మామూలుగా ఉన్నాయి కాబట్టి లివర్‌లో కొవ్వు చేరే మరో ప్రమాదకరమైన గర్భిణీ వ్యాధి కాదన్నారు. ఆవిడ నా పాత ఫైలూ కొత్త రిపోర్టూ మంచం మీద పక్కపక్కన పెట్టి, "చూడమ్మా, ప్లేట్‌లెట్ల వరుస ఒక్కటే చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. కింద ఈ రెండు వరుసలు చూడు" అని ఎంజైముల మీద, ఎల్‌డీహెచ్ మీద వేలు పెట్టారు.

ఆ జబ్బు పేరు హెల్ప్ సిండ్రోమ్. ఎర్రకణాలు పగిలిపోవడం, లివర్ ఎంజైములు పెరగడం, ప్లేట్‌లెట్లు తగ్గడం అనే మూడింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి 1982లో లూయిస్ వైన్‌స్టీన్ అనే వైద్యుడు ఆ పేరు పెట్టారు. గర్భిణికి బీపీ పెరిగే జబ్బులో ఇది తీవ్రమైన రూపం. మాయ నుంచి వచ్చే పదార్థాల వల్ల తల్లి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. ఆ దెబ్బతిన్న చోట్ల ప్లేట్‌లెట్లు అతుక్కుని ఖర్చైపోతాయి, ఆ ఇరుకు దారుల్లో దూరే ఎర్రకణాలు చీలిపోతాయి, లివర్‌లోని సన్నని నాళాలు పూడుకుపోయి దాని కణాలు దెబ్బతింటాయి. దెబ్బతిన్న లివర్ కణాల నుంచి ఎస్‌జీఓటీ రక్తంలోకి కారుతుంది. ఎల్‌డీహెచ్ పగిలిన ఎర్రకణాల నుంచి, లివర్ నుంచి కూడా వస్తుంది. నా కుడి డొక్కలో నొప్పి ఉబ్బిన లివర్ తన పైపొరను సాగదీయడం వల్ల వచ్చినదే. మొదటి గర్భంలో ప్లేట్‌లెట్లు పలచబడ్డాయి, రెండోదాంట్లో ఖర్చయ్యాయి. పలచబడినప్పుడు లివర్‌కు గానీ ఎర్రకణాలకు గానీ ఏమీ కాదు.

వైద్యులు ఎక్కువగా వాడే కొలత ప్రకారం ప్లేట్‌లెట్లు లక్షలోపు, ఎస్‌జీఓటీ 70 లేదా ఆ పైన, ఎల్‌డీహెచ్ 600 లేదా ఆ పైన, ఈ మూడూ కలిస్తే హెల్ప్ అంటారు. నావి మూడూ దాటేశాయి. ఇక్కడ ఒక చిన్న మాట చెప్పాలి. మొదటి గర్భంలో లివర్ రిపోర్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనేది ఎక్కువగా ఉందని నల్లని అక్షరాల్లో అచ్చు వేస్తే నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దాన్ని మాయ కూడా తయారుచేస్తుంది కాబట్టి చివరి నెలల్లో అది పెరగడం మామూలే. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలు మాత్రం గర్భం వల్ల పెరగవు, వాటికి గర్భిణి అని మినహాయింపు ఇవ్వకూడదు. అలాగే బీపీ మామూలుగా ఉన్నంత మాత్రాన హెల్ప్ కాదని తీర్మానించకూడదు, కొందరిలో బీపీ పెరగకుండానే ఇది వస్తుంది.

ముప్పై నాలుగు వారాలు దాటాయి కనుక ఆగకుండా కాన్పు చేయడమే చికిత్స అన్నారు. ముందుగా ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ నాలుగు గ్రాములు నెమ్మదిగా నరంలోకి ఎక్కించి, ఆపైన గంటకో గ్రాము చొప్పున పెట్టారు. ఒళ్ళంతా వేడి సెగ తగిలినట్టయింది. ఆ మందు మోతాదు మించితే మొదట మోకాలి స్పందన పోతుందని, తర్వాత ఊపిరి మందగిస్తుందని, నర్సమ్మ గంటగంటకూ చిన్న సుత్తితో మోకాలు తట్టి, మూత్రం కొలిచి రాసుకునేది. బీపీకి లాబెటలాల్ ఇచ్చారు.

రాత్రి ఒంటిగంటకు, సిజేరియన్‌కు తీసుకెళ్ళే ముందు, మళ్ళీ లెక్క చూశారు. 67,000. పొద్దున లక్షా నాలుగు వేలు, రాత్రికి ఎనభై ఎనిమిది, ఆ తర్వాత కొన్ని గంటల్లోనే అరవై ఏడు. మొదటి గర్భంలో అంతకంటే కొంచెమే ఎక్కువ తగ్గడానికి తొమ్మిది వారాలు పట్టింది. ఈ వేగం వల్లే మత్తు డాక్టరు వెన్నులో సూది వద్దన్నారు. డెబ్బై వేలు స్థిరంగా ఉంటే సూది వేయడానికి చాలామంది ఒప్పుకుంటారట, కానీ దిగుతున్న లెక్క సూది వేసే సమయానికి ఎంత ఉంటుందో చెప్పలేము, వెన్నులో రక్తం కారి గడ్డకడితే కాళ్ళు పడిపోవచ్చు. పూర్తి మత్తు ఇచ్చి సిజేరియన్ చేశారు, ప్లేట్‌లెట్ల సంచులు సిద్ధంగా ఉంచారు. బాబు 2.2 కిలోలు ఉన్నాడు.

కాన్పు అయిపోయింది కదా, ఇక పెరుగుతాయని మేము అనుకున్నాము. మరుసటి రోజు 43,000 వచ్చేసరికి మా వారి ముఖం చూడలేకపోయాను. కాన్పు తర్వాత ఒకటి రెండు రోజులు ఇంకా దిగజారి, ఆ పైన ఎక్కడం హెల్ప్‌లో మామూలేనని, రక్తస్రావం లేదు కాబట్టి ప్లేట్‌లెట్లు ఎక్కించడం అవసరం లేదని డాక్టరమ్మ చెప్పారు. మూడో రోజుకు 84,000, ఐదో రోజుకు 1,38,000. ఎల్‌డీహెచ్ అంతకంటే ముందే దిగడం మొదలైంది, అది దిగితేనే నాకు ధైర్యం వచ్చింది. ఎర్రకణాలు పగలడం ఆగిందని దాని అర్థం. బీపీ మాత్రం నాలుగో రోజున మళ్ళీ 158/100కు ఎగబాకింది, మూడు వారాలు మాత్రలు వాడాక గానీ కుదుటపడలేదు. తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కుడి డొక్క నొప్పి ఏది వచ్చినా రాత్రైనా రమ్మని చెప్పే ఇంటికి పంపారు, ఎందుకంటే హెల్ప్ కాన్పు తర్వాత మొదలయ్యే వాళ్ళూ ఉన్నారు.

ఆరు వారాలకు 2,40,000. మొదటిసారి లాగే ఈసారీ మామూలు సంఖ్యకే వచ్చాను, కానీ ఈ కాగితం మీద రాసింది వేరు. మళ్ళీ గర్భం వస్తే పన్నెండో వారం నుంచే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలని, ప్రతి పరీక్షలోనూ ప్లేట్‌లెట్లతో పాటు ఎస్‌జీఓటీ చూడాలని, గర్భం ఉన్నా లేకున్నా ఏటా బీపీ చూపించుకోవాలని ఉంది. మధిరలో చూపించుకునే ఫైలు మొదటి పేజీకి ఆ కాగితాన్ని కుట్టించాను.