ఇంట్లోని ఫోటోలకు మూడు కాపీలు: నా అనుభవం

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట. 3-2-1 అని ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ సూత్రం వినడానికి చాలా సులువు. మా ఇంటి ఫోటోలకు దాన్ని అమలు చేయడం మొదలుపెట్టాక తెలిసింది, డిస్కులు కొనడం ఇందులో చిన్న పని అని. ఆ మూడూ నిజంగా ఒకటేనా, ఒకదానికి జరిగిన నష్టం మిగతా రెండింటికీ పాకకుండా ఉంటుందా అన్నది చూసుకోవడమే అసలు పని. నా సమయం చాలావరకు దానికే పోయింది.

ముందుగా ఫోన్లు, పాత లాప్‌టాప్, సీడీలు, మెమరీ కార్డుల్లో ఉన్నవన్నీ ఒకే ఫోల్డర్‌లోకి తెచ్చి, నెలకో సబ్‌ఫోల్డర్ చొప్పున పెట్టాను. వీడియోలతో కలిపి 320 జీబీ తేలింది. ఫోన్ నుంచి తీసుకునేటప్పుడు ఒక్కటి గమనించాలి. క్లౌడ్‌కి పంపి ఫోన్‌లో స్థలం మిగిల్చే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఫోన్‌లో ఉండేది చిన్న సైజు నమూనా మాత్రమే కావచ్చు, అసలు ఫైల్ క్లౌడ్‌లో ఉంటుంది. ఈమధ్య ఫోన్‌తో తీసిన ఫోటో కొన్ని వందల కేబీలే ఉంటే అనుమానించాల్సిందే.

ఇక మూడు కాపీలు ఇవి: మొదటిది కంప్యూటర్‌లోని ఎస్ఎస్‌డీ మీద, రెండోది ఇంట్లో బీరువాలో ఉండే హార్డ్ డిస్క్ మీద, మూడోది వేరే ఊళ్లో అక్క వాళ్లింట్లో ఉండే ఇంకో హార్డ్ డిస్క్ మీద. ఆ రెండు హార్డ్ డిస్కులూ వేర్వేరు కంపెనీలవి కావాలని పట్టుబట్టి తీసుకున్నాను, ఎందుకంటే ఒకే మోడల్, ఒకే బ్యాచ్ డిస్కులైతే లోపం కూడా ఒకటే అయ్యే అవకాశం ఉంది. క్లౌడ్‌నే మూడో కాపీ చేద్దామనుకున్నాను గానీ, సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్‌తో 320 జీబీ ఎక్కించడానికి ఆగకుండా నడిచినా దాదాపు మూడు రోజులు పడుతుంది, డిస్క్ పోయిన రోజున అదంతా మళ్లీ దింపుకోవాలి. పైగా ఫోన్‌లోని ఫోటో యాప్ చేసేది సింక్. యాప్‌లో చెరిపితే క్లౌడ్‌లో కూడా చెరిగిపోతుంది, గూగుల్ ఫోటోస్‌లో అయితే బ్యాకప్ అయిన ఫోటో 60 రోజులు ట్రాష్‌లో ఉండి తర్వాత శాశ్వతంగా పోతుంది. పిల్లలు ఆడుకుంటూ ఒక ఆల్బమ్ చెరిపేస్తే రెండు నెలల్లోపు ఎవరో ఒకరు గమనించాలన్నమాట. అందుకే సింక్‌ని ఈ మూడింటిలో లెక్కపెట్టలేదు. కొత్త ఫోటోలు డిస్కుల్లోకి చేరేలోపు ఫోన్ పోతే పనికొస్తుందని మాత్రం ఉంచాను.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని చెక్‌సమ్ జాబితా. ప్రతి ఫైల్‌కీ దాని లోపలి డేటా నుంచి లెక్కగట్టిన 64 అక్షరాల గుర్తు ఒకటి వస్తుంది, ఫైల్‌లో ఒక్క బిట్ మారినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది. లినక్స్‌లో అయితే ఇలా:

```
cd ~/photos
find . -type f -exec sha256sum {} + > ~/photos.sha256
```

ఇదే జాబితాతో బీరువాలోని డిస్క్‌ని పరీక్షించాలంటే:

```
cd /media/disk2/photos
sha256sum -c --quiet ~/photos.sha256
```

ఏమీ చూపించకుండా ముగిస్తే జాబితాలో ఉన్నవన్నీ ఆ డిస్క్ మీద సరిగ్గా ఉన్నట్టు. కొత్త నెల ఫోల్డర్ చేరినప్పుడు ఆ ఒక్క ఫోల్డర్ గుర్తులనే జాబితా చివర కలుపుతాను, పాత వరుసలు ముట్టుకోను, ఎందుకంటే పాడైన ఫైల్‌కి కొత్తగా గుర్తు లెక్కగడితే ఆ పాడైనదే సరైనదిగా నమోదైపోతుంది. జాబితా కాపీ కూడా ప్రతి డిస్క్ మీదా ఉంటుంది.

కొన్నాళ్ల తర్వాత పరీక్షిస్తే కంప్యూటర్‌లోని కాపీలోనే ఒక పెళ్లి ఫోల్డర్ మొత్తం FAILED అని వచ్చింది. ఫోటోలు తెరిస్తే అన్నీ బాగానే ఉన్నాయి, బీరువాలోని డిస్క్ మీద అవే ఫైళ్లు పరీక్ష దాటాయి. సైజు పోల్చి చూస్తే ప్రతి ఫైల్‌లోనూ కొద్దిపాటి తేడా, మార్చిన తేదీ కూడా ఇటీవలిది. ఆ ఫోటోల్లో ఎవరెవరున్నారో మేము పేర్లు రాసుకున్నాం, ఫోటోలు సర్దే ప్రోగ్రామ్ ఆ పేర్లను నేరుగా ఫైల్ లోపలే రాసింది, అంతే. కావాలని చేసిన మార్పే కాబట్టి ఆ ఫోల్డర్‌ని చేత్తో రెండు డిస్కులకూ పంపి, దాని గుర్తులు మాత్రం మార్చాను. కానీ ఇది నిజంగా పాడవడమే అయ్యుంటే, ఆటోమేటిగ్గా పాత ఫైళ్ల మీద రాసేసే బ్యాకప్ ఆ పాడైన ఫైళ్లనే మంచివాటి మీద రాసేసేది. అందుకే మామూలు కాపీకి నేను వాడేది ఇది:

```
rsync -rtv --ignore-existing ~/photos/ /media/disk2/photos/
```

లేని ఫైళ్లను చేరుస్తుంది, ఉన్నవాటిని తాకదు, ఇక్కడ చెరిపినవి అక్కడ చెరపదు. దీనివల్ల అక్కర్లేని ఫోటోలు కూడా డిస్క్ మీద మిగిలిపోతాయి, నాకు అది ఫర్వాలేదు.

ఇంటి బయటి కాపీకి ఒక పద్ధతి పెట్టుకున్నాం. అక్క దగ్గరికి వెళ్లేటప్పుడు బీరువాలోని డిస్క్‌లో కొత్తవన్నీ చేర్చి, పరీక్షించి తీసుకెళ్తాను, అక్కడున్నది వెనక్కి తెస్తాను. రెండూ చోటు మారతాయి, అక్కడ ఎప్పుడూ ఒకటి ఉంటుంది, ఏ డిస్కూ ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉండదు. అలా వెనక్కి తెచ్చిన ఒక డిస్క్‌ని పరీక్షిస్తే కొన్ని ఫైళ్లకు FAILED open or read అని, పైన Input/output error అని వచ్చింది. ఇది పెళ్లి ఫోల్డర్ లాంటిది కాదు, డిస్క్ ఆ భాగాన్ని చదవలేకపోతోందన్నమాట. డిస్క్ ఆరోగ్యాన్ని చూపించే smartctl -a తో చూస్తే, చదవలేకపోతున్న భాగాల లెక్క చెప్పే Current_Pending_Sector సున్నాగా లేదు. ఆ డిస్క్‌కి మరమ్మతులేమీ చేయకుండా పక్కనపెట్టి, కొత్తదానిలోకి కంప్యూటర్ నుంచి అంతా ఎక్కించి జాబితాతో సరిచూశాను. ఈలోగా అక్క దగ్గర మంచి కాపీ ఉంది కాబట్టి టెన్షన్ పడలేదు.

డిస్కులు రెండూ వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో, పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోకుండా ఎన్‌క్రిప్ట్ చేశాను, దారిలో పోయినా ఎవరూ చూడలేరు. మొదటి డిస్క్ ఇచ్చినప్పుడు అక్క, "సరేరా, నీకేమైనా అయితే దీన్ని మేమెలా తెరవాలి?" అని అడిగింది. చాలా అవసరమైన ప్రశ్న. పాస్‌వర్డ్, ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలి అన్నది కాగితం మీద రాసి మా ఇంట్లో ఒకటి, అన్నయ్య దగ్గర ఒకటి పెట్టాం, డిస్క్‌తో పాటు మాత్రం పెట్టలేదు. తర్వాత అక్క ఆ కాగితంలోని వివరాలు అన్నయ్యను ఫోన్‌లో అడిగి తన లాప్‌టాప్ మీద నేను చెప్పకుండానే డిస్క్ తెరిచింది. ఒక్కచోటే ఆగిపోయింది: ప్రోగ్రామ్‌లో ముందు ఒక డ్రైవ్ అక్షరం ఎంచుకోవాలని కాగితంలో లేదు. ఆ వాక్యం ఇప్పుడు రెండు కాగితాల్లోనూ చేర్చాం.