మీటర్‌లో 2 ఆంపియర్లే, మోటార్ మాత్రం కాలిపోతోంది

మా నాన్నగారు పొలంలో వాడే విత్తనాల డబ్బాకు 12 వోల్టుల బ్రష్ మోటార్ బిగించాను. BTS7960 హెచ్-బ్రిడ్జ్ మాడ్యూల్, ఆర్డుయినో ఊనో, 9వ పిన్ నుంచి analogWrite. సగం డ్యూటీలో మోటార్ బాగానే తిరిగింది, కానీ జుయ్యిమని మోత. పావుగంటకే బాడీ మీద చెయ్యి పెట్టలేకపోయాను. మోటార్ తీగలో పెట్టిన మీటర్ చూస్తే 2 ఆంపియర్లే. ఆ మోటార్‌కు అది పెద్ద లోడ్ కాదు.

స్కోప్‌లో చూద్దామని 0.1 ఓమ్ రెసిస్టర్‌ను బ్యాటరీ తీగలో పెట్టాను. అక్కడే పొరపడ్డాను. స్విచ్ ఆఫ్ అయినప్పుడు మోటార్ కరెంట్ ఆగిపోదు, బ్రిడ్జ్ కింది రెండు మాస్ఫెట్ల గుండా చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ కరెంట్ బ్యాటరీ తీగలోకి రాదు. అదే రెసిస్టర్‌ను మోటార్ తీగలోకి మార్చాక అసలు బొమ్మ కనిపించింది: కరెంట్ సున్నాకు కాస్త కింద మొదలై 4.5 ఆంపియర్ల దాకా ఎక్కి, మళ్లీ దిగుతోంది. అంటే 5 ఆంపియర్ల రిపుల్. మీటర్ చూపించిన 2 దాని సగటు మాత్రమే. టార్క్ సగటును బట్టి వస్తుంది, వైండింగ్ వేడి మాత్రం కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క వేస్తే వైండింగ్‌లో వేడి ఒకటిన్నర రెట్లు దాటింది.

కారణం ఫ్రీక్వెన్సీ. 9వ పిన్‌లో analogWrite ఇచ్చేది 490 హెర్ట్జ్, అంటే సగం డ్యూటీలో స్విచ్ ఒక మిల్లీసెకనుకు పైగా ఆన్‌లో ఉంటుంది. నా మోటార్ ఇండక్టెన్స్ 1 మిల్లీహెన్రీ, సర్క్యూట్ రెసిస్టెన్స్ 1.5 ఓమ్. కాబట్టి టైమ్ కాన్‌స్టంట్ 0.67 మిల్లీసెకన్లు. కరెంట్ ఎక్కడానికి, దిగడానికి కావలసినంత సమయం దొరుకుతోంది. స్విచింగ్ ఇంతకంటే బాగా వేగంగా ఉంటే సగం డ్యూటీలో రిపుల్‌కు ఈ సూత్రం సరిపోతుంది:

```
ΔI = V / (4 · f · L)
```

ముందు టైమర్‌ను 31 కిలోహెర్ట్జ్‌కు పెంచాను. మోటార్ చల్లబడింది కానీ ఇప్పుడు డ్రైవర్ హీట్‌సింక్ వేడెక్కింది. డేటాషీట్ తీసి చూస్తే ఆ చిప్ పరిమితి 25 కిలోహెర్ట్జ్. ప్రతి స్విచింగ్‌లోనూ మాస్ఫెట్లు కొంత శక్తిని వేడిగా పోగొడతాయి కదా. అందుకే 20 దగ్గర ఆపాను:

```
pinMode(9, OUTPUT);
TCCR1A = _BV(COM1A1) | _BV(WGM11);
TCCR1B = _BV(WGM13) | _BV(CS10);
ICR1 = 400;   // 20 kHz
OCR1A = 200;  // 50%
```

సూత్రం ప్రకారం ఇప్పుడు రిపుల్ 0.15 ఆంపియర్లు. రెసిస్టర్ మీద అది 15 మిల్లీవోల్టులే, స్కోప్‌లో నాయిస్ మధ్య వెతుక్కోవాల్సి వచ్చింది. అరగంట నడిపాక కూడా మోటార్‌ను చేత్తో పట్టుకోగలిగాను.

తర్వాత 5 కిలోహెర్ట్జ్‌కూ లెక్క వేశాను: రిపుల్ 0.6 ఆంపియర్లు, దానివల్ల అదనంగా వచ్చే వేడి ఒక శాతం లోపే. అంటే మోటార్ వేడి వరకు 5 చాలు, డ్రైవర్‌కూ అదే హాయి. కానీ ఆ ఫ్రీక్వెన్సీలో మోటార్ కీచుమంటుంది. రోజంతా దాని పక్కనే నడిచేది నాన్నగారు కాబట్టి 20నే ఉంచాను.